కర్త కనిపించని బోర్డు

స్పెయిన్‌లో ఏ ఊరి వీధిలో నడిచినా బాల్కనీలకూ, దుకాణాల అద్దాలకూ, కార్ల కిటికీలకూ అతికించిన ఒక చిన్న బోర్డు కనిపిస్తుంది. దాని మీద రెండే మాటలు: ‘సె బెందె’. కింద ఒక ఫోన్ నంబరు. ఇది అమ్మకానికి ఉందని అర్థం. అమ్మేది ఇంటాయనా, ఆయన కొడుకా, ఏజెంటా, బ్యాంకా అన్నది బోర్డు చెప్పదు. అద్దెకిచ్చే ఇంటికి అదే ‘సె’ తరవాత క్రియ మారుతుంది. స్పెయిన్‌లోనూ అర్జెంటీనాలోనూ ‘సె అల్కీల’, మెక్సికోలో ‘సె రెంత’, చిలీ, కొలంబియాల్లో ‘సె అర్రియెంద’. దేశాన్ని బట్టి అద్దె మాట మారినా ముందున్న ‘సె’ మాత్రం కదలదు.

అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో స్థిరపడ్డ మనవాళ్ళకు ఈ ‘సె’ కొత్తది కాదు. దంతవైద్యుల క్లినిక్‌ల ముందూ కార్ల మెకానిక్ షాపుల ముందూ ‘సె ఆబ్ల ఎస్పన్యోల్’ అని రాసి ఉంటుంది. ఇక్కడ స్పానిష్ మాట్లాడతారు అని దాని భావం. పిల్లలు బడిలో స్పానిష్ తీసుకున్న ఇళ్ళలోనైతే ఈ ‘సె’ గురించి ఒక్కసారైనా చర్చ వచ్చే ఉంటుంది. నిఘంటువు తెరిస్తే ‘సె’ అంటే ‘తనను తాను’ అని ఉంటుంది. అలాగైతే ‘సె బెందె’ అంటే ఇల్లు తనను తాను అమ్ముకుంటోందా? ‘సె ఆబ్ల’ అంటే భాష తనతో తాను మాట్లాడుకుంటోందా?

కాదు. ‘సె’ పుట్టుక మాత్రం అక్కడే. లాటిన్ నుంచి వచ్చిన ఈ సర్వనామం మొదట చేసేవాడూ చేయించుకునేవాడూ ఒకరేనని చెప్పడానికి వాడేవారు. ‘సె లాబ’ అంటే స్నానం చేస్తున్నాడు, అంటే తనను తాను కడుక్కుంటున్నాడు. క్రమంగా అదే రూపం, చేసేవాడు ఎవరో చెప్పనక్కర్లేని చోటల్లా కర్త స్థానంలో వచ్చి కూర్చుంది. బోర్డులు, నోటీసులు, సూచనలు సరిగ్గా అలాంటి చోట్లు. అందుకే స్పానిష్ వీధుల్లో ‘సె’ లేని గోడ అరుదు.

అయితే పైకి ఒకేలా కనిపించే ఈ ‘సె’ నిజానికి రెండు. ఈ రెండిటినీ విడదీయడం తెలిస్తే ఏ బోర్డయినా తప్పు లేకుండా రాయవచ్చు. తెలియకపోతే స్పానిష్ మాతృభాష అయినవాళ్ళు కూడా తడబడతారు.

ఇల్లు ఒకటా, రెండా?

ఒక ఇల్లు అమ్మకానికి ఉంటే ‘సె బెందె కాస’. రెండో మూడో ఉంటే ‘సె బెందెన్ కాసస్’. చివర చేరిన నకారపు పొల్లును గమనించాలి. ఇళ్ళు ఎక్కువయితే క్రియ కూడా బహువచనంలోకి మారింది. అంటే ఈ వాక్యానికి వ్యాకరణరీత్యా కర్త ఇల్లే. అమ్ముడయ్యే వస్తువు వచ్చి కర్త స్థానంలో కూర్చుంది. మన వ్యాకరణంలో దీన్ని కర్మణి ప్రయోగం అంటాం. స్పానిష్ పండితులు దీన్ని ‘పసీవ రెఫ్లేహ’ అంటారు.

ఈ లెక్క చాలా బోర్డుల్లో కనిపిస్తుంది. గది ఒకటి అద్దెకుంటే ‘సె అల్కీల అబితసియోన్’, గదులైతే ‘సె అల్కీలన్ అబితసియోనెస్’. చెప్పులు బాగుచేసే కొట్టు మీద ‘సె అర్రేగ్లన్ సపాతొస్’ అని బహువచనం. హోటలు గుమ్మం మీద కుక్కలను లోపలికి తీసుకురావద్దన్న హెచ్చరిక ‘నొ సె అద్మీతెన్ పెర్రొస్’, అదీ బహువచనమే. బంగారం కొనే కొట్టు మీద మాత్రం ‘సె కోంప్ర ఓరొ’ అని ఏకవచనం, ఎందుకంటే బంగారాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు.

మనకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ఊళ్ళ బోర్డుల మీద ‘ఇచ్చట స్టాంపులు అమ్మబడును’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని రాస్తాం. ఈ ‘బడు’ కూడా కర్మణి ప్రయోగమే. అయితే ‘ఇల్లు అమ్మబడును’, ‘ఇళ్ళు అమ్మబడును’ రెండూ ఒకే క్రియతో నడిచిపోతాయి. గ్రాంథికపు ‘ఉను’ ప్రత్యయం వస్తువులు ఎన్నయినా మారదు. అందువల్ల తెలుగు బోర్డులకు అలవాటుపడ్డ కంటికి క్రియను వస్తువుల లెక్కతో సరిపోల్చాలన్న ఆలోచన తట్టదు. స్పానిష్ నేర్చుకునే మన పిల్లలు ‘సె బెందె కాసస్’ అని రాయడం వెనక ఈ అలవాటు కూడా ఉంటుంది.

ఈ పొరపాటు మనవాళ్ళకే పరిమితం కాదు. స్పెయిన్ వీధుల్లోనే ‘సె బెందె పీసొస్’ అని, అంటే ఫ్లాట్లు అనే బహువచనం ముందు ఏకవచన క్రియ పెట్టి, రాసిన బోర్డులు దొరుకుతాయి. ‘సె బెందె’ అన్న జంట మాటలు కళ్ళకు అంతగా అలవాటైపోయాయి. రాసేవాడు ముందు దాన్ని ఒక ముద్రలా వేసేసి, ఆ తరవాత అమ్మే సరుకు పేరు చేరుస్తాడు. 1713లో స్థాపించిన స్పానిష్ రాజ అకాడమీ, 2005లో లాటిన్ అమెరికా అకాడమీలతో కలిసి వెలువరించిన సందేహాల నిఘంటువులో, ఇలాంటి చోట బహువచనమే రాయాలని చెప్పింది. వస్తువు బహువచనమైతే క్రియా బహువచనమే.

ఎవరూ లేని వాక్యం

ఇక రెండో ‘సె’. హోటల్ బయట ‘అకీ సె కోమె బ్యేన్’ అని రాసి ఉంటుంది. ఇక్కడ భోజనం బాగుంటుంది, మాటకు మాటగా అయితే ఇక్కడ బాగా తింటారు. తినేది ఎవరు? ఎవరైనా. ఏం తింటారు? చెప్పలేదు. మూసిన తలుపు మీద ‘సె ఎంత్ర పొర్ ల ఓత్ర ప్వేర్త’ అని ఉంటుంది. లోపలికి రావడం పక్క తలుపు గుండా అని భావం. ‘ప్రవేశించు’ అనే క్రియకు కర్మ ఉండదు. కాబట్టి కర్త స్థానంలో కూర్చోబెట్టడానికి వస్తువే లేదు. వాక్యంలో కర్త లేదు, కర్త స్థానంలోకి రాగల కర్మా లేదు. అయినా వాక్యం నిక్షేపంగా నిలబడుతుంది.

సంస్కృతం చదువుకున్నవారికి ఇది వెంటనే గుర్తుకు వస్తుంది. ‘బాలేన పుస్తకం పఠ్యతే’ అనేది కర్మణి ప్రయోగం. పుస్తకాలు ఎక్కువైతే ‘పుస్తకాని పఠ్యంతే’ అని క్రియ మారుతుంది. కానీ ‘బాలైః హస్యతే’, అంటే పిల్లలు నవ్వుతున్నారు అనే భావం వచ్చే వాక్యంలో, పిల్లలు ఎందరున్నా క్రియ ‘హస్యతే’ అని ఏకవచనంలోనే ఉంటుంది. నవ్వడానికి కర్మ లేదు కనుక క్రియకు లెక్కచూసుకోవడానికి ఏమీ దొరకదు. దాన్ని భావే ప్రయోగం అంటారు. అకర్మక ధాతువులకు ఈ ప్రయోగం ఉంటుందని పాణిని సూత్రీకరించాడు. స్పానిష్ రెండో ‘సె’ కూడా దాదాపు ఇదే. క్రియ ఎప్పుడూ ప్రథమ పురుష ఏకవచనంలోనే ఉంటుంది. ‘సె కోమెన్’ అని అక్కడ రాయకూడదు.

పోలిక ఇంతవరకే. సంస్కృతం చేసేవాణ్ణి వాక్యంలోంచి పంపించదు, ‘బాలైః’ అని తృతీయా విభక్తిలో పక్కన కూర్చోబెడుతుంది. స్పానిష్ ‘సె’ మాత్రం చేసేవాడికి తలుపు మూసేస్తుంది. ‘సె బెందె’ తరవాత ‘యజమాని చేత’ అని చేర్చితే స్పానిష్ చెవికి కుట్టినట్టుంటుంది. చట్టపు కాగితాల్లో కొన్నిచోట్ల తప్ప ఆ చేర్పు కనిపించదు.

మరొక పరిమితి కూడా ఉంది. క్రియకు ముందే తన సొంత ‘సె’ ఉంటే దాని మీద రెండో ‘సె’ చేరదు. ‘లేవడం’, ‘అలవాటు పడడం’ లాంటి క్రియలు స్పానిష్‌లో ‘సె’తోనే పుడతాయి. ఇక్కడ పొద్దున్నే లేస్తారు అని ఊరందరి గురించీ చెప్పాలంటే ‘సె సె’ అని అనరు. ‘ఊనొ’ అనే మాటను, అంటే ‘ఒకరు’ అనే అర్థంలో, కర్తగా తెచ్చుకుంటారు.

మనిషి వచ్చిన చోట

వస్తువుల దగ్గర లెక్క సులువు. మనుషుల దగ్గరే అసలు మెలిక.

తెలుగులో ‘పుస్తకం కొన్నాను’ అంటాం, ‘అబ్బాయిని పిలిచాను’ అంటాం. పుస్తకానికి ‘ని’ అవసరం లేదు, అబ్బాయికి తప్పదు. స్పానిష్‌లోనూ సరిగ్గా ఇదే పద్ధతి. కర్మ వస్తువైతే ఏమీ చేరదు. కర్మ ఫలానా మనిషి అయితే ముందు ‘అ’ అనే చిన్న మాట చేరుతుంది. మన ‘ని’ తరవాత వస్తే వాళ్ళ ‘అ’ ముందు వస్తుంది.

ఇప్పుడు ఒక సంక్షేమ కేంద్రం గోడ మీద ‘ఇక్కడ వృద్ధులకు సాయం చేస్తారు’ అని రాయాలనుకుందాం. ఇళ్ళకు చేసినట్టే చేసి ‘సె అయూదన్ లొస్ అన్సియానొస్’ అని బహువచనంలో రాశామనుకోండి. చదివేవాడికి వృద్ధులు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారని అర్థమవుతుంది. ఇల్లు తనను తాను అమ్ముకోలేదు కనుక ‘సె బెందెన్ కాసస్’ దగ్గర ఈ గందరగోళం రాదు. కానీ వృద్ధులు మనుషులు, ఒకరికొకరు సాయం చేసుకోగలరు. ‘సె’కు ఉన్న పాత అర్థం ఇక్కడ తల ఎత్తుతుంది.

దీనికి స్పానిష్ కనిపెట్టిన మార్గం: ‘సె అయూద అ లొస్ అన్సియానొస్’. ‘అ’ చేరగానే వృద్ధులు కర్మగానే మిగిలారు, కర్త స్థానానికి రాలేదు. కర్త లేకపోవడంతో క్రియ ఏకవచనానికి దిగింది. వృద్ధులు పదిమంది అయినా వెయ్యిమంది అయినా ‘అయూద’నే. ఒక్క అక్షరం చేరి, ఒక్క నకారపు పొల్లు పోయి, వాక్యం కర్మణి ప్రయోగం నుంచి భావే ప్రయోగానికి మారిపోయింది. సంస్కృతం భావే ప్రయోగాన్ని అకర్మక క్రియలకే ఉంచితే, స్పానిష్ దాన్ని ఇలా కర్మ ఉన్న క్రియలకూ చాచింది. మనిషి కర్మ అయితే చాలు.

ఉద్యోగ ప్రకటనలు ఇంకో మలుపు చూపిస్తాయి. హోటల్ అద్దం మీద ‘సె నెసెసీత కమరేరొ’ అని ఉంటే ఒక సర్వరు కావాలని. ‘సె నెసెసీతన్ కమరేరొస్’ అంటే సర్వర్లు కావాలని. సర్వర్లు మనుషులే కదా, ‘అ’ ఎందుకు లేదు? ఎందుకంటే వాళ్ళు ఇంకా ఎవరూ కారు. ఆ పని చేయగల ఎవరైనా సరే. స్పానిష్ ‘అ’ ఫలానా అని తెలిసిన మనిషికే దక్కుతుంది. ఇక్కడ మన ‘ని’కీ వాళ్ళ ‘అ’కూ దారులు విడిపోతాయి. ‘పనిమనిషిని వెతుకుతున్నాం’ అని మనం ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా ‘ని’ పెడతాం, వాళ్ళు పెట్టరు.

‘సె బూస్క’ అనే మాటతో ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘వెతుకుతున్నారు’ అని అర్థం. ఆఫీసుకు గుమాస్తాలు కావాలంటే ‘సె బూస్కన్’ అని బహువచనం. ప్రమాదం చూసిన ఇద్దరు సాక్షుల కోసం వెతుకుతున్నారంటే ‘సె బూస్క అ లొస్ దొస్ తెస్తీగొస్’ అని ‘అ’, ఏకవచనం. ఒకే క్రియ, రెండుచోట్లా మనుషులే, రెండుచోట్లా బహువచనమే. అయినా మొదటిదానిలో నకారపు పొల్లు ఉంది, రెండోదానిలో లేదు. మధ్యలో ఉన్న ‘అ’ చెప్పినట్టు క్రియ నడుచుకుంది.

ఇంగ్లీషు ఎక్కడ విడిపోతుంది

మనలో చాలామంది స్పానిష్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటాం. అందుకని ‘సె’ కనిపించిన చోటల్లా ఇంగ్లీషు ప్యాసివ్ వాయిస్‌ను ఊహించుకుంటాం. కొన్నిచోట్ల ఆ ఊహ పనిచేస్తుంది. ‘నొ సె అద్మీతెన్ పెర్రొస్’ అన్నదానికి ‘డాగ్స్ ఆర్ నాట్ అలౌడ్’ చక్కగా సరిపోతుంది. రెండిటిలోనూ కర్త కుక్కలే, రెండిటిలోనూ క్రియ బహువచనమే.

కానీ ఇంగ్లీషు ప్యాసివ్‌కు రెండు షరతులున్నాయి. ఒకటి, కర్త స్థానంలో ఏదో ఒకటి తప్పనిసరిగా కూర్చోవాలి. అందువల్ల ‘సె ఎంత్ర పొర్ ల ఓత్ర ప్వేర్త’ను ప్యాసివ్‌లోకి మార్చే దారి లేదు. ‘ప్లీజ్ యూజ్ ద అదర్ డోర్’ అని ఎదుటివాణ్ణి పిలిచి ఆదేశించాలి. ‘అకీ సె కోమె బ్యేన్’కు ‘యూ’ అనో ‘వన్’ అనో ఒక కర్తను అరువు తెచ్చుకోవాలి. రెండోది, ఇంగ్లీషు ప్యాసివ్ ఎప్పుడూ చేసేవాడికి ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతుంది. ‘బై’ అన్న మాట చేర్చితే వాడు వచ్చి కూర్చుంటాడు. ‘సె’ ఉన్న స్పానిష్ వాక్యంలో ఆ కుర్చీయే లేదు.

ఈ తేడా విమానాశ్రయపు ప్రకటనలో స్పష్టంగా వినిపిస్తుంది. ఇంగ్లీషు ప్రకటన ‘ప్యాసింజర్స్ ఆర్ రిక్వెస్టెడ్’ అని మొదలవుతుంది. ప్రయాణికులు కర్తలయ్యారు, క్రియ బహువచనమైంది. అదే స్పానిష్‌లో ‘సె ర్వేగ అ లొస్ సెన్యోరెస్ పసహేరొస్’ అని మొదలవుతుంది. ప్రయాణికులు ఎందరున్నా ‘ర్వేగ’ ఏకవచనమే. ముందు ‘అ’ ఉంది కనుక వాళ్ళు కర్తలు కాలేరు. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని అనువదించేవాళ్ళు ‘సె ర్వేగన్’ అని రాసి దొరికిపోతారు. మన ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అన్న పద్ధతే స్పానిష్‌కు దగ్గర. ‘కు’ చేరిన ప్రయాణికులు మన వాక్యంలోనూ కర్తలు కారు.

నిషేధాల దగ్గర ఇంకొక ఉచ్చు ఉంది. గోడల మీద ‘సె ప్రొయీబె ఫిహార్ కర్తేలెస్’ అని రాసి ఉంటుంది. పోస్టర్లు అంటించరాదు. ‘కర్తేలెస్’ బహువచనం కదా, ‘సె ప్రొయీబెన్’ అని ఉండొద్దా? అక్కర్లేదు. నిషేధించింది పోస్టర్లను కాదు, అంటించడాన్ని. ‘ఫిహార్’ అంటే అంటించడం, అదే కర్త. అది ఎప్పుడూ ఏకవచనమే. ‘సె ప్రొయీబె ఫుమార్’లో పొగ తాగడం కర్త అయినట్టే. మరి ‘ఫోటోలు తీయకూడదు’ అనే బోర్డు? అక్కడ ‘వీలవడం’ అనే అర్థమిచ్చే సహాయక క్రియ వస్తుంది. ‘నొ సె ప్వేదెన్ సకార్ ఫోతొస్’ అని బహువచనం, ‘నొ సె ప్వేదె సకార్ ఫోతొస్’ అని ఏకవచనం, రెండూ కనిపిస్తాయి, రెండూ ఒప్పే. మొదటిదానిలో ఫోటోలు కర్త, రెండోదానిలో ఎవరూ కర్త కాదు. ఒకే బోర్డులో కర్మణి, భావే రెండూ కుదిరే అరుదైన చోటు ఇది.

వంటింటి సూచనలు

నోటీసుల తరవాత ‘సె’ బలంగా వాడుకలో ఉన్నది వంటల పుస్తకాల్లో. స్పెయిన్‌లో ఇంటింటా వండే బంగాళాదుంపల ఆమ్లెట్‌ను తొర్తీయ అంటారు. దాని తయారీ ఇలా సాగుతుంది. ‘సె పేలన్ లస్ పతాతస్’: దుంపలకు చెక్కు తీయాలి. దుంపలు నాలుగైదు కనుక బహువచనం. ‘సె కోర్తన్ ఎన్ రొదాహస్’: పల్చని బిళ్ళలుగా కోయాలి. దుంపల పేరు మళ్ళీ రాయకపోయినా క్రియ చివరి నకారపు పొల్లే అవి ఇంకా మన చేతిలో ఉన్నాయని గుర్తుచేస్తుంది. ‘సె పీక ల సెబోయ’: ఉల్లిపాయ తరగాలి. ఒక్కటే ఉల్లిపాయ, క్రియ ఏకవచనానికి దిగింది. ‘సె ఫ్రీయె తోదొ’: అంతా కలిపి నూనెలో వేయించాలి. ‘అంతా’ ఏకవచనం. ‘సె బాతెన్ లొస్ వేవొస్’: గుడ్లు గిలక్కొట్టాలి, మళ్ళీ బహువచనం. ‘సె మెస్క్ల తోదొ’: అంతా కలపాలి. ‘సె దేహ రెపొసార్’: కాసేపు అలా వదిలేయాలి.

ఈ వరసలో క్రియల చివర్లు మాత్రం చూసుకుంటూ పోతే గిన్నెలో ఏముందో తెలిసిపోతుంది. చాలా దుంపలు, తరవాత ఒక ఉల్లిపాయ, తరవాత ఒకే ముద్ద, తరవాత చాలా గుడ్లు. ఎవరు వండుతున్నారన్నది ఎక్కడా రాలేదు.

ఇంగ్లీషు వంటల పుస్తకం ఇక్కడ ప్యాసివ్ జోలికే పోదు. దుంపలు చెక్కు తీయి, ఉల్లిపాయ తరుగు అని ఆజ్ఞార్థకంలో సాగుతుంది. అవే వాక్యాలను ఇంగ్లీషు ప్యాసివ్‌లో రాస్తే వంటింట్లోంచి ప్రయోగశాల రికార్డు పుస్తకంలోకి వెళ్ళిపోయినట్టుంటుంది. అంటే ఇంగ్లీషులో ప్యాసివ్ వాయిస్‌కు ఒక దర్జా ఉంది. అది నియమాలకూ, అధికారిక నోటీసులకూ, శాస్త్ర నివేదికలకూ సరిపోతుంది. ఇల్లు అమ్మే బోర్డుకు కూడా ఇంగ్లీషు ‘ఫర్ సేల్’ అని క్రియ లేకుండానే గడిపేస్తుంది. స్పానిష్ ‘సె’కు అలాంటి దర్జా భేదం లేదు. ప్రభుత్వ ఉత్తర్వులోనూ, అమ్మమ్మ చెప్పే వంటలోనూ ఒకే ‘సె’ వినిపిస్తుంది.

తెలుగు ఈ విషయంలో తనదైన దారి పట్టింది. బోర్డుల మీద ‘అమ్మబడును’ అని రాస్తాం కానీ ఇంట్లో ఎవరమూ ఆ మాట అనం. అక్కడ ‘అమ్ముతారు’ అంటాం, వాళ్ళెవరో చెప్పం. వంట చెప్పేటప్పుడు ‘చెక్కు తీయాలి’, ‘తరగాలి’, ‘వేయించాలి’ అంటాం, అక్కడా కర్త లేదు. కర్తను దాచడానికి మనకు మూడు రూపాలు కావలసి వచ్చిన చోట స్పానిష్‌కు ఒక్క ‘సె’ చాలింది.

కానీ ఒక్కటే రూపం ఇన్ని పనులు చేయడం వల్ల వచ్చే ప్రమాదం ఒకటుంది. అది యంత్రాల సూచనల్లో బయటపడుతుంది. ‘సె ఎన్సియెందె ల లూస్ రోహ’ అంటే ఎర్ర దీపం వెలుగుతుంది అని అర్థం చెప్పుకోవచ్చు, ఎర్ర దీపాన్ని వెలిగించాలి అనీ చెప్పుకోవచ్చు. దీపం దానంతటది వెలగగలదు, మనమూ వెలిగించగలం, స్పానిష్‌లో రెండిటికీ అదే ‘సె’. ‘ఎర్ర దీపం వెలిగినప్పుడు బటన్ నొక్కాలి’ అన్న సూచనలో రెండు క్రియలనూ ‘సె’తోనే రాస్తే, మొదటిది యంత్రం చేసేదీ రెండోది మనిషి చేసేదీ అని చదివేవాడే ఊహించుకోవాలి. అందుకే జాగ్రత్తగా రాసే మాన్యువళ్ళలో యంత్రం తనంతట తాను చేసేదానికి ‘సె’ను ఉంచి, మనిషి చేయాల్సినదానికి ‘పుల్సార్ ఎల్ బొతోన్’ అని క్రియ మూలరూపాన్ని గానీ, నేరుగా ఆజ్ఞార్థకాన్ని గానీ వాడతారు. మాన్యువల్ ఎవరైనా శ్రద్ధగా రాశారా లేదా అని తెలుసుకోవడానికి ఇది మంచి గుర్తు. మనిషి పనికీ యంత్రం పనికీ ఒకే రూపం పదే పదే వచ్చిందంటే అక్కడ చదివేవాడు తప్పు బటన్ నొక్కే అవకాశం ఉంది.

తలుపుల మీదా ఇదే కారణం చేత ‘సె’ కనిపించదు. స్పెయిన్‌లో ‘ఎంపుహార్’, ‘తిరార్’ అని, అంటే నెట్టు, లాగు అనే పనుల పేర్లు మాత్రమే ఉంటాయి. చేయి ఎత్తి ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పే మాటలో కర్తను దాచే అవసరం లేదు.

పేరు ఎక్కడ పెట్టాలి

చేసేవాణ్ణి చెప్పదలచుకున్నప్పుడు స్పానిష్ వీధి మొహమాటపడదు. మాద్రిద్ నడిబొడ్డున ‘ప్వేర్త దెల్ సోల్’ చౌరస్తా దగ్గర పాత బంగారం కొనేవాళ్ళ ప్రకటనలు తొడుక్కుని తిరిగే మనుషులుంటారు. వాళ్ళ మీద ఉండేది ‘సె కోంప్ర ఓరొ’ కాదు, ‘కోంప్రొ ఓరొ’. నేను బంగారం కొంటాను. అమ్మడానికి వచ్చినవాడికి అక్కడ ఎదురుగా ఒక మనిషి కావాలి, అందుకని క్రియ ఉత్తమ పురుషలోకి మారింది. అంటే ‘సె’ రాయడమో రాయకపోవడమో వ్యాకరణం ఒక్కటే తేల్చేది కాదు. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాలా వద్దా అన్న నిర్ణయం కూడా అందులో ఉంది.

ఆ నిర్ణయం ప్రజలకు బరువుగా తగిలేది అధికారిక నోటీసుల్లోనే. ‘సె ఇన్ఫోర్మ’, తెలియజేయడమైనది. ‘సె అకొర్దో’, తీర్మానించడమైనది. తెలియజేసింది ఎవరు, తీర్మానించింది ఎవరు అన్నది వాక్యంలో దొరకదు. ఇంగ్లీషు నోటీసయితే ‘బై’ ఎక్కడ అని అడగవచ్చు. అక్కడ ఖాళీ ఉన్న సంగతి కంటికి తెలుస్తుంది. స్పానిష్ వాక్యంలో ఆ ఖాళీ కూడా కనిపించదు. వాక్యం నిండుగానే ఉంటుంది, బాధ్యుడు మాత్రం ఉండడు.

ఈ లోటును పూడ్చడానికి స్పానిష్ నోటీసులు ఒక పద్ధతి అనుసరిస్తాయి. ‘సె ర్వేగ సిలెన్సియొ’, దయచేసి నిశ్శబ్దం పాటించండి అని రాసి, కింద ‘ల దిరెక్సియోన్’ అని సంతకంలా ముగిస్తారు. యాజమాన్యం అని అర్థం. అపార్ట్‌మెంట్లలో అయితే ‘ల కొమునిదాద్’, ఫ్లాట్ల యజమానుల సంఘం. మన నోటీసుల్లో ‘ఇట్లు, యాజమాన్యం’ అని రాసినట్టే. వ్యాకరణం వాక్యంలో చోటివ్వని కర్త, వాక్యం బయట కాగితం అడుగున వచ్చి నిలబడతాడు.

కాబట్టి ‘సె’ ఉన్న నోటీసును రెండుసార్లు చదవాలి. మొదటిసారి క్రియ చివర నకారపు పొల్లు ఉందా, మధ్యలో ‘అ’ ఉందా అని. దానితో ఎన్ని వస్తువుల గురించో, ఫలానా మనుషుల గురించో తెలుస్తుంది. రెండోసారి అడుగున పేరు ఉందా అని. పేరుంటే అది ఒకరు బాధ్యత తీసుకున్న మాట. లేకపోతే, వాక్యంలో తప్పేమీ లేకున్నా, జవాబు అడగాల్సిన చిరునామా ఆ నోటీసులో లేదని అర్థం.